సర్వర్‌కు చెప్పని పాస్‌వర్డ్

2018 మే 3న ట్విటర్ తన 33 కోట్ల మంది వినియోగదారులనూ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. ఎవరో చొరబడ్డారని కాదు. పాస్‌వర్డ్‌లు దాచే పద్ధతి బలహీనమైనదనీ కాదు. బీక్రిప్ట్ అనే గట్టి హ్యాష్ పద్ధతిలో, తిరిగి రాబట్టడానికి వీల్లేని అక్షరాల వరుసగా మార్చాకే ఆ కంపెనీ వాటిని దాచుకునేది. తేడా అంతకు ముందే జరిగింది. అలా మార్చడానికి క్షణం ముందు, జనం టైపు చేసిన పాస్‌వర్డ్ టైపు చేసినట్టుగా కంపెనీ లోపలి లాగ్ ఒకదానిలో నమోదైపోతూ వచ్చింది. ఏడాది తిరగకుండానే, 2019 మార్చిలో, ఫేస్‌బుక్ కూడా ఇలాంటి సంగతే ఒప్పుకుంది. కోట్ల మంది పాస్‌వర్డ్‌లు ఆ సంస్థ లోపలి కంప్యూటర్లలో ఎవరైనా చదవగలిగే రూపంలో పడి ఉన్నాయి. ఆ వ్యవహారంలో ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ 2024 సెప్టెంబరులో మెటా మీద 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఈ రెండు కంపెనీల్లోనూ మంచి ఇంజినీర్లకు కొదవ లేదు. అయినా ఇలా జరగడానికి మూలం మనం రోజూ లాగిన్ అయ్యే తీరులోనే ఉంది. పాస్‌వర్డ్ కొట్టి బటన్ నొక్కగానే బ్రౌజర్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది కాబట్టి దారిలో ఎవరూ చదవలేరు. కానీ సర్వర్ చేరాక ఆ గుప్తత విప్పేస్తారు. అప్పుడు పాస్‌వర్డ్ సర్వర్ జ్ఞాపకంలో మామూలు అక్షరాల్లో ఉంటుంది. సర్వర్ దానికి హ్యాష్ కట్టి, తన దగ్గరున్న పాత హ్యాష్‌తో పోల్చి, సరిపోతే లోపలికి రానిచ్చి, అసలు పాస్‌వర్డ్‌ను మరిచిపోవాలి. ఆ 'మరిచిపోవాలి' అనే దగ్గరే నమ్మకం అంతా నిలబడి ఉంది. లోపాలు వెతకడానికి ఎవరో పెట్టిన ఒక్క లాగింగ్ వాక్యం చాలు, మరిచిపోవలసింది శాశ్వతంగా గుర్తుండిపోవడానికి.

మరి పాస్‌వర్డ్‌ను సర్వర్‌కు అసలు పంపకుండానే, అది నాకు తెలుసు అని నిరూపించుకోవచ్చా? వచ్చు. ఆ పద్ధతుల కుటుంబానికి పాస్‌వర్డ్ ఆథెంటికేటెడ్ కీ ఎక్స్ఛేంజ్ అని పేరు, పొట్టిగా పేక్ అంటారు. మీ ఫోన్‌లోని వాట్సాప్‌లో కూడా అలాంటిది ఒకటి ఉంది. దాని దగ్గరికి వెళ్లేముందు, తేలికగా తోచే ఉపాయాలు ఎందుకు పనికిరావో చూడాలి. ఎందుకంటే అసలు చిక్కు చాలామంది అనుకునే చోట లేదు.

మొదట తోచేది, పాస్‌వర్డ్ బదులు దాని హ్యాష్‌నే ఫోన్‌లో కట్టి పంపడం. అలా చేస్తే ఆ హ్యాషే పాస్‌వర్డ్ అయి కూర్చుంటుంది. దాన్ని లాగ్‌లోంచి ఎత్తుకున్నవాడికి అసలు పాస్‌వర్డ్‌తో పనేముంది, హ్యాష్‌నే పంపి లోపలికి పోతాడు. రెండో ఉపాయం ఇంతకంటే తెలివైనది. సర్వర్ ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను సవాలుగా పంపుతుంది. మీ ఫోన్ ఆ సంఖ్యనూ పాస్‌వర్డ్‌నూ కలిపి హ్యాష్ కట్టి జవాబిస్తుంది. జవాబు ప్రతిసారీ మారుతుంది కాబట్టి పాతది ఎత్తుకుపోయి లాభం లేదు. బాగానే ఉన్నట్టుంది. కానీ సవాలునూ జవాబునూ పక్కనుంచి విన్నవాడు ఇంటికి వెళ్లి తీరిగ్గా కూర్చుంటాడు. ఒక పాస్‌వర్డ్ ఊహిస్తాడు, అదే సవాలుతో హ్యాష్ కడతాడు, విన్న జవాబుతో సరిపోయిందా లేదా చూస్తాడు. లేదంటే ఇంకోటి. అతణ్ని ఆపేవాళ్లెవరూ లేరు, అడిగేవాళ్లూ లేరు.

ఇది కాగితం మీది భయం కాదు. మన ఇళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే డబ్ల్యూపీఏ2 రకం వైఫై పనిచేసేది ఇంచుమించు ఇలాగే. ఫోన్ రూటర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే సంభాషణను వీధిలో నిలబడి పట్టుకుంటే చాలు, మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు. చాలామంది వైఫై పాస్‌వర్డ్‌గా మొబైల్ నంబరే పెట్టుకుంటారు. పది అంకెలున్నాయి కదా అని ధీమా. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపి 400 కోట్లకు మించవు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి ఇలాంటి ఊహల్ని సెకనుకు పది లక్షలకు పైగా పరీక్షిస్తుంది. ఆ లెక్కన మొత్తం నంబర్లన్నీ చూసేయడానికి గంటకు కాస్త పైన పడుతుంది.

చిక్కు ఇక్కడుంది. మనిషి గుర్తుంచుకోగలిగిన పాస్‌వర్డ్ చిన్నది. కంప్యూటర్ తయారుచేసిన తాళంచెవిని ఊహించి పట్టుకోవడం సాధ్యం కాదు, మనిషి పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను సాధ్యమే. అందువల్ల పాస్‌వర్డ్‌ను దాచి పంపితే సరిపోదు. ఇటునుంచి అటు వెళ్లేవాటిలో, అటునుంచి ఇటు వచ్చేవాటిలో ఏదీ 'నా ఊహ సరైనదా' అని ఇంట్లో కూర్చుని సరిచూసుకోవడానికి పనికిరాకూడదు. ఊహించదలచినవాడు ప్రతి ఊహకూ సర్వర్ గుమ్మం తొక్కాలి. అప్పుడు అతణ్ని లెక్కపెట్టవచ్చు, నాలుగుసార్లయ్యాక తలుపు మూసేయవచ్చు. ఈ షరతును తీర్చే పద్ధతిని మొదట చూపించినవారు బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న స్టీవెన్ బెల్లోవిన్, మైకేల్ మెరిట్. అది 1992 నాటి మాట. మరుసటి ఏడే దాని మీద పేటెంటు వచ్చింది. పేటెంటు ఉన్నచోటికి ప్రోగ్రామర్లు చప్పున రారు. ఈ విద్య ఇన్నేళ్లు మూలన పడి ఉండడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ తర్వాత వచ్చిన వాటిలో తెలుసుకోదగ్గది ఒపేక్. 2018లో స్టానిస్లా యారెక్కి, హ్యూగో క్రావ్‌చిక్, జియాయు షు అనే ముగ్గురు ప్రతిపాదించారు. 2025 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 9807 పేరుతో దాని వివరణ పత్రం అచ్చయింది. దీని గుండెకాయ ఒక చిన్న లెక్క. ఆరో తరగతి భాగహారం వస్తే చాలు, చేత్తో చేసి చూసుకోవచ్చు.

పన్నెండు, పదహారు

ఒపేక్‌లో పాస్‌వర్డ్ ఒక్కటే దేన్నీ తెరవదు. సర్వర్ మీ ఖాతా కోసం ప్రత్యేకంగా ఒక రహస్య సంఖ్య పెట్టుకుంటుంది. మీ పాస్‌వర్డూ, ఆ సంఖ్యా కలిస్తేనే తాళంచెవి తయారవుతుంది. బ్యాంకు లాకరుకు ఖాతాదారు తాళంచెవీ, మేనేజరు తాళంచెవీ రెండూ తిప్పాల్సి వచ్చినట్టు. అయితే ఇక్కడ విచిత్రమేమిటంటే, మీ పాస్‌వర్డ్ సర్వర్‌కు తెలియకూడదు, సర్వర్ సంఖ్య మీకు తెలియకూడదు, అయినా రెండూ కలవాలి.

చిన్న సంఖ్యలతో చేసి చూద్దాం. నియమం ఒక్కటే. ఏ గుణకారం చేసినా చివర 23తో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి. ఈ ఆటలో మనకు పనికొచ్చే సంఖ్యలు పది ఉన్నాయి. అవి 2, 3, 4, 6, 8, 9, 12, 13, 16, 18. వీటికి ఒక గుణం ఉంది. వీటిలో దేన్నైనా 11సార్లు వేసి గుణిస్తే శేషం 1 వస్తుంది. అంటే 12సార్లు వేసి గుణిస్తే మళ్లీ అదే సంఖ్య వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

మీరు పాస్‌వర్డ్ టైపు చేశారు. ఫోన్ దాన్ని హ్యాష్ ద్వారా ఈ పది సంఖ్యల్లో ఒకటిగా మారుస్తుంది. 3 వచ్చిందనుకుందాం. సర్వర్ దగ్గర మీ ఖాతాకు ఉన్న రహస్య సంఖ్య 7. కావలసిన ఫలితం 3ను ఏడుసార్లు వేసి గుణించిన శేషం. ఫోన్ ఇప్పుడు అప్పటికప్పుడు ఒక ముసుగు సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. అది 4 అనుకుందాం. 3ను నాలుగుసార్లు గుణించి, శేషం తీసి, సర్వర్‌కు అది మాత్రమే పంపుతుంది. సర్వర్ తనకు వచ్చినదాన్ని తన రహస్యమైన 7సార్లు గుణించి తిప్పి పంపుతుంది. ఫోన్ తన ముసుగు తీసేస్తుంది. నాలుగుసార్లు వేసిన ముసుగును తీయడానికి మూడుసార్లు గుణించాలి, ఎందుకంటే 4, 3 కలిస్తే 12, పన్నెండుసార్లంటే మొదటికి వచ్చినట్టే.

```
ఫోన్:    3^4  = 81         శేషం 12   (పంపింది)
సర్వర్:  12^7 = 35831808   శేషం 16   (తిప్పి పంపింది)
ఫోన్:    16^3 = 4096       శేషం 2    (ఫలితం)

సరిచూపు: 3^7  = 2187       శేషం 2
```

ముసుగు వేసి, తీసినా, నేరుగా 3ను ఏడుసార్లు గుణించినా ఒకే 2 వచ్చింది. ఫోన్‌కు 7 ఎప్పటికీ తెలియలేదు. సర్వర్‌కు 3 తెలియలేదు. దారిలో కనిపించినవి 12, 16 అంతే.

ఆ 12ను పట్టుకుని 3ను రాబట్టవచ్చా? ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా రాబట్టలేరు. ఇది లెక్క కష్టమని కాదు, ఆ 12లో పాస్‌వర్డ్ గురించిన సమాచారమే లేదు. పాస్‌వర్డ్ సంఖ్య 3 కాకుండా 9 అయితే, ముసుగు 2 వేసుకుంటే 12 వస్తుంది. పాస్‌వర్డ్ సంఖ్య 4 అయితే ముసుగు 5తో 12 వస్తుంది. 2 అయితే ముసుగు 10తో. పది సంఖ్యల్లో ఏది తీసుకున్నా 12కు చేర్చే ముసుగు సరిగ్గా ఒకటి ఉంటుంది. ముసుగును చీటీ వేసినట్టు ఎంచుకున్నాం కాబట్టి, ఆ పదింటిలో దేనికీ ఎక్కువ అవకాశం లేదు, తక్కువా లేదు. ట్విటర్ లాంటి కంపెనీలో ఎవరో పొరపాటున ఈ 12ను లాగ్‌లో రాసుకున్నా, లక్షల సార్లు రాసుకున్నా, దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఇప్పుడు వేరొకరు మీ పేరుతో వచ్చి తప్పు పాస్‌వర్డ్ కొట్టారనుకుందాం. దాని సంఖ్య 9, వాళ్ల ఫోన్ వేసుకున్న ముసుగు 2. తొమ్మిది తొమ్ముల 81, శేషం మళ్లీ 12. సర్వర్‌కు వచ్చింది ఇంతకు ముందు వచ్చిన సంఖ్యే. అది తిప్పి పంపేదీ అదే 16. ముసుగు 2ను తీయడానికి ఆరుసార్లు గుణించాలి. 16ను ఆరుసార్లు గుణిస్తే శేషం 4. సరైన పాస్‌వర్డ్‌కు 2 వచ్చింది, తప్పు పాస్‌వర్డ్‌కు 4 వచ్చింది. తీగ మీద నడిచిన సంభాషణ మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. నాకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఇంతవరకూ వచ్చినది సరైన మనిషో కాదో సర్వర్‌కు కూడా తెలియదు.

నిజంగా వాడే సంఖ్యలు ఇంత చిన్నవి కావు. మన ఆటలో పది సంఖ్యలుంటే, ఒపేక్‌లో సాధారణంగా వాడే రిస్ట్రెట్టో255 అనే గణిత సమూహంలో వాటి లెక్క 76 అంకెల సంఖ్య అవుతుంది. చిన్న సంఖ్యలతో అయితే 12 నుంచి 16 రావడానికి ఎన్నిసార్లు గుణించాలో ఒక్కొక్కటిగా వేసి చూసి 7 అని కనిపెట్టేయవచ్చు. 76 అంకెల దగ్గర అది కుదరదు, సర్వర్ రహస్యం అలా నిలుస్తుంది.

కవరు తెరవడం

ఆ 2 వచ్చాక ఏమిటి? ఫోన్ దాన్ని పాస్‌వర్డ్‌తో మళ్లీ కలిపి, ఆర్గాన్2 లాంటి కావాలని నెమ్మదిగా చేసిన హ్యాష్ గుండా పంపి, పొడవైన తాళంచెవి ఒకటి తయారుచేస్తుంది. మీరు మొట్టమొదట ఖాతా తెరిచినప్పుడు ఇదే తాళంచెవితో ఒక కవరుకు తాళం వేసి, ఆ కవరును సర్వర్ దగ్గర ఉంచారు. 2018 నాటి మొదటి రూపంలో ఆ కవరులో మీ ప్రైవేట్ కీ ఉంటుంది, సర్వర్ పబ్లిక్ కీ ఉంటుంది. తర్వాత వచ్చిన ఆర్‌ఎఫ్‌సీలో ప్రైవేట్ కీని దాచడం కూడా మానేసి, ప్రతిసారీ ఆ తాళంచెవి నుంచే మళ్లీ పుట్టించే ఏర్పాటు చేశారు. మన అవగాహనకు కవరు అనుకుంటే సరిపోతుంది.

లాగిన్ సమయంలో సర్వర్ 16తోపాటు కవరునూ పంపుతుంది. ఫలితం 2 వచ్చిన ఫోన్‌కు కవరు తెరుచుకుంటుంది. 4 వచ్చిన ఫోన్‌కు తెరుచుకోదు. తెరుచుకున్నాక, మీ ప్రైవేట్ కీతోనూ, అప్పటికప్పుడు రెండు వైపులా పుట్టించిన తాత్కాలిక కీలతోనూ కలిపి ఫోనూ సర్వరూ ఒకే రహస్య కీని ఎవరికి వారే లెక్కవేసుకుంటారు. ప్రైవేట్ కీ లేనివాడికి ఆ లెక్క తేలదు. సర్వర్ ఆ కీతో ఒక ముద్ర వేసి పంపుతుంది, ఫోన్ సరిచూసుకుని తన ముద్ర వేసి తిప్పి పంపుతుంది. మొత్తం మూడు సందేశాలు. మూడోది చేరేసరికి మీరెవరో సర్వర్‌కు తేలిపోయింది, అది అసలు సర్వరేనని మీ ఫోన్‌కూ తేలింది. ఈ రెండోది మామూలు లాగిన్‌లో లేని లాభం. నకిలీ సర్వర్ దగ్గర ఆ 7 ఉండదు. తనకు తోచిన సంఖ్యతో జవాబిస్తే ఫలితం తప్పుగా వస్తుంది, కవరు తెరుచుకోదు, ఫోన్ అక్కడే ఆగిపోతుంది.

ఖాతా తెరిచేటప్పుడు జరిగేదీ ఇదే ముసుగు లెక్క కాబట్టి, ఆ మొదటి రోజున కూడా సర్వర్ మీ పాస్‌వర్డ్‌ను చూడదు. దీనికొక చిన్న ఇబ్బంది తోడొస్తుంది. 'ఎనిమిది అక్షరాలుండాలి, అంకె ఉండాలి' అని సర్వర్ పట్టుబట్టలేదు, తనకు కనిపించనిదాన్ని ఎలా తూకం వేస్తుంది? ఆ పరీక్ష ఏదో ఫోన్‌లోని యాప్ చేసుకోవాల్సిందే.

వాట్సాప్ 2021లో తెచ్చిన ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఈ ఒపేక్ మీదే నడుస్తోంది. చాట్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్తుంది. సెట్టింగ్స్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే, ఫోన్ తానే పుట్టించిన ఒక పొడవైన కీతో దానికి తాళం వేస్తుంది. మీరు ఆ కీని 64 అంకెలుగా రాసి పెట్టుకోవచ్చు. అంత ఓపిక లేనివారు పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. అప్పుడు ఆ కీని వాట్సాప్ తన దగ్గరి ఖజానాలో ఉంచుతుంది. ఖజానా అంటే హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ అనే ప్రత్యేక యంత్రాలు. వాటిలోని రహస్యాలు బయటికి తీయడానికి వీల్లేకుండా కట్టినవి. ఫోన్ పోగొట్టుకుని కొత్తది కొన్న రోజున మీరు పాస్‌వర్డ్ కొడతారు, 12 వెళ్తుంది, 16 వస్తుంది, కవరు తెరుచుకుంటుంది, కీ చేతికొస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం మీ కొత్త ఫోన్ దాటి ఎక్కడికీ పోలేదు. కొన్నిసార్లు తప్పు కొడితే ఆ యంత్రం కీని శాశ్వతంగా అందకుండా చేస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి, 64 అంకెలూ లేకపోతే వాట్సాప్ కంపెనీకి ఎంత మొరపెట్టుకున్నా ప్రయోజనం లేదు, వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు.

ఎక్కడ తెగుతుంది

ముసుగు దగ్గర మొదట తెగుతుంది. లెక్కంతా ఆ 4 యాదృచ్ఛికంగా వచ్చిందన్న దాని మీద ఆధారపడింది. రాసిన ప్రోగ్రామర్ నిర్లక్ష్యంవల్ల ముసుగు ప్రతిసారీ ఒకటే అయిందనుకోండి, లేదా గడియారం చూసి ఊహించగలిగే తీరులో వస్తోందనుకోండి. అప్పుడు విన్నవాడు పాస్‌వర్డ్‌ల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాన్ని సంఖ్యగా మార్చి, అదే ముసుగు వేసి, 12 వస్తోందా అని చూసుకుంటాడు. మనం తప్పించుకున్నామనుకున్న ఇంటి ఊహలు మళ్లీ మొదలవుతాయి. దీన్ని కనిపెట్టడం తేలికే. ఒకే పాస్‌వర్డ్‌తో పదిసార్లు లాగిన్ అయి, వెళ్లిన మొదటి సందేశాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండు ఒకేలా ఉన్నాయంటే ఆ యాప్‌లో ఏదో పాడైంది. పదీ వేరువేరుగా ఉన్నంత మాత్రాన అంతా బాగుందని మాత్రం చెప్పలేం.

రెండోది లెక్కపెట్టడంలో వస్తుంది, ఇది అనుభవమున్నవారు కూడా జారే చోటు. సరైన పాస్‌వర్డో కాదో మొదట తెలిసేది ఫోన్‌కు, సర్వర్‌కు కాదు. కవరు తెరుచుకోకపోతే దొంగ మూడో సందేశం పంపడమే మానేస్తాడు. సర్వర్ కళ్లకు అది తప్పు పాస్‌వర్డ్‌లా కనిపించదు, నెట్ పోయి మధ్యలో తెగిన సంభాషణలా కనిపిస్తుంది. 'తప్పు ముద్ర' వచ్చినప్పుడు మాత్రమే లెక్క పెంచే సర్వర్‌ను దొంగ రాత్రంతా అడుగుతూ కూర్చోవచ్చు, లెక్క సున్నా దగ్గరే ఉంటుంది. అందుకని మొదటి సందేశం వచ్చిన క్షణమే ఒక ప్రయత్నంగా లెక్క రాసుకోవాలి, సరిగ్గా ముగిస్తేనే కొట్టేయాలి. ఒక ఖాతా మీద ముగియని సంభాషణలు పేరుకుపోతున్నాయంటే ఎవరో తలుపు దగ్గర ఊహలు పరీక్షిస్తున్నారని అర్థం.

సర్వర్‌నే కొల్లగొడితే? కవరూ, ఆ 7 రెండూ పోతే దొంగ ఇంట్లో కూర్చుని ఊహించవచ్చు. దీన్ని ఏ పేక్ పద్ధతీ ఆపలేదు. ఒపేక్ ఇచ్చే ఊరట వేరు. దీనికి ముందు ఎక్కువగా వాడిన ఎస్‌ఆర్‌పీ అనే పద్ధతిలో, హ్యాష్‌లో కలిపే ఉప్పు అనే సంఖ్యను లాగిన్ మొదట్లోనే అడిగినవారికల్లా సర్వర్ ఇచ్చేస్తుంది. దొంగ ముందుగానే మీ పేరు చెప్పి ఆ ఉప్పు తెచ్చుకుని, తీరిగ్గా కొన్ని నెలలపాటు కోట్ల పాస్‌వర్డ్‌లకు పట్టిక తయారుచేసుకుని, ఆ తర్వాత డేటాబేస్ కొట్టేస్తే అదే నిమిషంలో మీ పాస్‌వర్డ్ దొరికిపోవచ్చు. ఒపేక్‌లో ఉప్పు పని చేసేది ఆ 7. అది సర్వర్ గడప దాటదు. పట్టిక మొదలుపెట్టడానికి దొంగతనం జరిగే దాకా ఆగాలి. ఆ వ్యవధిలో కంపెనీ సంగతి పసిగట్టి మిమ్మల్ని పాస్‌వర్డ్ మార్చుకోమనవచ్చు. వాట్సాప్ ఆ 7ను ప్రత్యేక యంత్రంలో బంధించడానికి కారణం కూడా ఇదే. డేటాబేస్ ఒక్కటే పోతే ఊహించేవాడికి లెక్క వేయడానికి సంఖ్యే దొరకదు.

ఇన్ని గుణాలున్నది వెబ్‌సైట్లలో ఎందుకు కనిపించదన్న ప్రశ్నకు జవాబు గణితంలో లేదు, లాగిన్ పేజీలో ఉంది. యాప్ అయితే ఒకసారి ఫోన్‌లో చేరాక దాని కోడ్ అక్కడే ఉంటుంది, ముసుగు వేసేది అదే. వెబ్‌సైట్‌లో ముసుగు వేయాల్సిన జావాస్క్రిప్ట్‌ను ప్రతిసారీ పంపేది సర్వరే, మనం ఏ సర్వర్ నుంచి పాస్‌వర్డ్ దాచాలనుకుంటున్నామో ఆ సర్వరే. అది ఒకరోజు ముసుగు లేని కోడ్ పంపితే పాస్‌వర్డ్ నేరుగా వెళ్లిపోతుంది, మీకు తేడా తెలియదు. నకిలీ బ్యాంకు పేజీ కట్టినవాడికి ఒపేక్‌తో పనే లేదు, ఒక పెట్టె గీసి అందులో టైపు చేయమంటాడు, ఆ పెట్టె అసలు పెట్టెలాగే ఉంటుంది. బ్రౌజరే స్వయంగా పాస్‌వర్డ్ అడిగి, పేజీకి చూపకుండా ముసుగు వేసి పంపితే ఈ రెండూ తప్పుతాయి. ఆ దారి ఒకటి 2007లోనే వేశారు. ఎస్‌ఆర్‌పీని బ్రౌజర్ ఎన్‌క్రిప్షన్‌లోనే కలిపే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 5054గా ప్రచురించారు. కానీ అలా అడగాలంటే లాగిన్ పెట్టె బ్రౌజర్‌ది అయివుండాలి, తమ రంగులూ లోగోలూ లేని ఆ బూడిదరంగు పెట్టెను ఏ కంపెనీ తన మొదటి పేజీలో పెట్టుకోవడానికి ఇష్టపడుతుంది? పేరున్న బ్రౌజర్లేవీ దాన్ని తీసుకోలేదు.